క్వార్టర్లీ రివ్యూ కాల్ నుంచి రెన్యూవల్ నోట్ దాకా: ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ కేసు

క్లయింటు విజయవాడ వైపు మందుల డిస్ట్రిబ్యూటర్, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, మూడు బ్రాంచీలు. మేం అమ్మేది బిల్లింగు, గోడౌన్ స్టాకు చూసుకునే సాఫ్ట్‌వేర్. మనిషికి నెలకి 900 రూపాయల చొప్పున 40 లైసెన్సులు, ఏడాది కాంట్రాక్టు, డిసెంబర్ 31తో ముగుస్తుంది. అరవై రోజుల ముందు ఎవరూ ఏమీ చెప్పకపోతే 7 శాతం పెంపుతో మరో ఏడాదికి దానంతటదే రెన్యూ అయిపోతుంది. అంటే నవంబర్ 1 లోపు వాళ్ళు వద్దనొచ్చు, మేం కొత్త షరతులు పెట్టొచ్చు. జులై-సెప్టెంబర్ క్వార్టర్ రివ్యూ కాల్ 2025 అక్టోబర్ 14న, దీపావళికి ముందు వారంలో జరిగింది. క్లయింటు ఎవరో తెలియకూడదు కాబట్టి ఊళ్ళు, అంకెలు కొన్ని మార్చాను, మిగతాదంతా ఉన్నదున్నట్టే.

కాల్ యాభై నిమిషాలు. వాళ్ళ వైపు నుంచి నలుగురు: ఎండీ గారు, అకౌంట్స్ చూసే మేడమ్, ఐటీ ఇన్‌చార్జి, మెయిన్ గోడౌన్ ఇన్‌చార్జి. మా వైపు నేను (కస్టమర్ సక్సెస్), సపోర్ట్ లీడ్, ఈ అకౌంటు చూసే సేల్స్ ఆయన, ఇంకా మా టీంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి. ముందుగా చెప్పి, అందరూ సరేనన్నాకే రికార్డింగ్ పెట్టాం. సారాంశం రాసే పని ఆ కొత్తమ్మాయికి ఇచ్చాను. తను ఆ సాయంత్రమే పంపింది, ఇదీ ఆ డ్రాఫ్ట్:

"కాల్ బాగా జరిగింది. క్లయింటు మొత్తమ్మీద సంతృప్తిగా ఉన్నారు. జీఎస్టీ రేట్ల మార్పు సమయంలో మన సపోర్టును మెచ్చుకున్నారు. సేల్స్ రిటర్నుల్లో చిన్న సమస్య ఉంది, సపోర్ట్ చూస్తోంది. డేటా ఎక్స్‌పోర్ట్ గురించి అడిగారు, ఫార్మాట్ పంపాలి. కొత్త వ్యక్తికి ట్రైనింగ్ ఇవ్వాలి. రెన్యూవల్ రేటు గురించి మాట్లాడదాం అన్నారు."

ఇందులో ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు. కానీ ఇది చదివిన సేల్స్ మనిషి ఏం చేస్తాడు? 7 శాతం కలిపి ఇన్‌వాయిస్ తయారుచేయించి, రేటు గురించి అడిగితే ఐదు శాతానికి దిగుదాంలే అనుకుని కూర్చుంటాడు. మా సేల్స్ ఆయన సరిగ్గా అదే అన్నాడు కూడా, "హ్యాపీగానే ఉన్నారుగా, నవంబర్ ఒకటి దాటనిద్దాం, ఆటోమేటిగ్గా రెన్యూ అయిపోతుంది." ఈ కాల్‌లో నిజంగా జరిగింది చూస్తే అది చాలా ప్రమాదకరమైన సలహా. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు మాటలు, ఆ తర్వాతే అర్థాలు

నేనూ ఆ కొత్తమ్మాయీ కూర్చుని రికార్డింగ్ మళ్ళీ విన్నాం. మొదటి విడతలో ఒకటే రూలు: ఎవరు, ఏ నిమిషంలో, ఏ మాటలు అన్నారో అవే మాటల్లో రాయాలి, మన వ్యాఖ్యానం ఒక్కటి కూడా ఉండకూడదు. "మెచ్చుకున్నారు", "అసంతృప్తి వ్యక్తం చేశారు" లాంటివి రాయగానే మాట పోయి మన అభిప్రాయం మిగులుతుంది, వారం తర్వాత చదివేవాళ్ళకి రెండూ విడదీయడం కుదరదు. యాభై నిమిషాల్లోంచి పనికొచ్చే మాటలు పదిహేను దాకా వచ్చాయి, వాటిలో ముఖ్యమైనవి ఇవి:

6వ నిమిషం, ఎండీ: "ఇరవై రెండో తారీఖు పొద్దున బిల్లింగు ఆగలేదమ్మా. మా పక్క స్టాకిస్టు మధ్యాహ్నం దాకా బిల్లు కొట్టలేకపోయాడు."

11వ నిమిషం, గోడౌన్ ఇన్‌చార్జి: "ఎక్స్‌పైరీ రిజిస్టరు రాయడం మానేశామండి, సోమవారం రిపోర్టు తీసుకుని ర్యాకుల దగ్గరికెళ్తున్నాం."

16వ నిమిషం, ఎండీ: "రేటు మాత్రం ఈసారి కూర్చుని మాట్లాడుకోవాలి."

18వ నిమిషం, ఎండీ: "నాకు ఇంకో కాల్ ఉంది, మిగతాది మావాళ్ళు చూసుకుంటారు." అని లైన్లోంచి వెళ్ళిపోయారు.

27వ నిమిషం, అకౌంట్స్ మేడమ్: "రిటర్నులు చేత్తో దిద్దుకుని ఫైల్ చేశాం. పదో తారీఖు రాత్రి పది దాటింది నేను ఇంటికెళ్ళేసరికి."

34వ నిమిషం, ఐటీ ఇన్‌చార్జి (ట్రైనింగ్ ఎప్పుడు పెడదాం అని నేనడిగితే): "కొత్తబ్బాయికి చెప్పండి మేడమ్, ఇకనుంచి అతనే చూస్తాడు."

41వ నిమిషం, అకౌంట్స్ మేడమ్: "మా డేటా మొత్తం, పాతది కూడా, ఒకేసారి బయటికి తీసుకోవచ్చా? ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కూడా వస్తుందా?"

నిమిషాలు ఎందుకంటే, ఎవరు ఎవరి ముందు అన్నారన్నది దాంతోనే తెలుస్తుంది. ఇక్కడ 27, 34, 41 మూడూ ఎండీ గారు వెళ్ళిపోయాక వచ్చినవి. అంటే మా గురించి మంచి మాట అన్నాయనకి ఈ మూడు విషయాలూ తెలియకపోవచ్చు, లేదా తెలిసీ ఆయన ముందు ఎత్తడం వాళ్ళకి ఇష్టం లేకపోవచ్చు. రెండిట్లో ఏది అనేది ఆ దశలో మాకు తెలీదు. కానీ కొత్తమ్మాయి డ్రాఫ్టులో అన్నీ ఒకే గొంతుతో "క్లయింటు" అన్నారు కాబట్టి ఆ ప్రశ్నే పుట్టలేదు. అందుకే సారాంశంలో "క్లయింటు అన్నారు" అనే మాటే మేం వాడం, ఎప్పుడూ హోదా రాస్తాం.

సంతృప్తి: దేన్ని లెక్కలోకి తీసుకున్నాం

మనవాళ్ళు ఫోన్లో మొహమాటపడతారు. "సాఫ్ట్‌వేర్ బాగుందండి, మీ సపోర్ట్ వాళ్ళు బాగా మాట్లాడతారండి" అనే మాటలు ఈ కాల్‌లో నాలుగైదు సార్లు వచ్చాయి, ఒక్కటీ సారాంశంలో పెట్టలేదు. లెక్కలోకి రావాలంటే మేం చూసేవి: మనం అడగకుండా వచ్చిందా, ఫలానా రోజు ఫలానా పని అని చెప్పారా, వాళ్ళు పనిచేసే తీరులో ఏదైనా మారిందా. మూడిట్లో రెండన్నా ఉండాలి. ఆపైన, ఆ మాట మా దగ్గరున్న వాడకం లెక్కలతో సరిపోవాలి.

ఎండీ గారు చెప్పిన ఇరవై రెండో తారీఖు ఏమిటంటే, 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ కొత్త రేట్లు అమల్లోకొచ్చాయి. ఎక్కువ మందులు 12 శాతం నుంచి 5కి, కొన్ని ప్రాణరక్షక మందులు సున్నాకి దిగాయి. దసరా నవరాత్రుల మొదటి రోజు, సోమవారం, మెడికల్ షాపుల ఆర్డర్లు పొద్దున్నే మొదలవుతాయి. వేల ఐటమ్‌ల రేట్లు రాత్రికి రాత్రి మారాలి, పాత స్టాకు మీద కొత్త ఎంఆర్‌పీ చూపించాలి. మా వాళ్ళు ఆదివారం రాత్రి ఐటమ్ మాస్టర్ మార్చేసి ఉంచారు. లాగ్ చూస్తే ఆ క్లయింటు మొదటి బిల్లు సోమవారం పొద్దున 8:10కి పడింది, రోజు మొత్తం బిల్లులు మామూలు సోమవారం అంతే ఉన్నాయి. అడగకుండా వచ్చిన మాట, ఫలానా రోజు, డబ్బు నిర్ణయించే మనిషి నోట వచ్చింది, లెక్క కూడా సరిపోయింది. ఇంతకన్నా గట్టి సంతృప్తి సంకేతం రివ్యూ కాల్స్‌లో అరుదుగా దొరుకుతుంది, కాబట్టి మొదటి వరుసలో పెట్టాం.

గోడౌన్ ఆయన మాట ఇంకో రకం. పేపరు రిజిస్టరు మానేశారంటే పని తీరు మారిందన్నమాట, తిరిగి పుస్తకానికి వెళ్ళడం కష్టం కాబట్టి మమ్మల్ని వదిలెయ్యడమూ కొంచెం కష్టమే. అయితే ఆయన "మానేశాం" అన్నది మెయిన్ గోడౌన్ గురించి. రిపోర్టుల లాగ్ తీస్తే మెయిన్ గోడౌన్లోనూ, గుంటూరు బ్రాంచిలోనూ ప్రతి సోమవారం ఎక్స్‌పైరీ రిపోర్టు తీస్తున్నారు, ఏలూరు బ్రాంచిలో మాత్రం క్వార్టర్ మొత్తంలో ఒక్కసారీ తీయలేదు. అందుకని సారాంశంలో "రెండు బ్రాంచీల్లో పేపరు రిజిస్టరు ఆగింది, ఏలూరులో వాడకం లేదు" అని రాశాం. ఇలా హద్దు పెట్టకపోతే రెన్యూవల్ మీటింగులో మా సేల్స్ ఆయన "మీ మూడు గోడౌన్లూ వాడుతున్నాయిగా" అంటాడు, అవతల ఏలూరు గురించి తెలిసిన మనిషి ఒక్కడుంటే చాలు, మిగతా మాటలకి కూడా విలువ పోతుంది.

రిస్కులు: చిన్న సమస్య అని రాసింది ఎంత పెద్దదో

"రిటర్నుల్లో చిన్న సమస్య" అన్నది చూద్దాం. మెడికల్ షాపు ఆగస్టులో కొన్న మందు అక్టోబర్లో వెనక్కి పంపితే డిస్ట్రిబ్యూటర్ క్రెడిట్ నోట్ ఇస్తాడు. అసలు బిల్లు 12 శాతం మీద పడింది కాబట్టి క్రెడిట్ నోట్ కూడా 12 మీదే ఉండాలి. మా స్క్రీను మాత్రం అసలు బిల్లులో రేటు చూడకుండా ఐటమ్ మాస్టర్లో ఇవ్వాళ్టి రేటు, అంటే 5 శాతం, తీసుకుంటోంది. సెప్టెంబర్ 22కి ముందు ఈ తేడా ఎవరికీ కనపడలేదు, ఎందుకంటే రెండు రేట్లూ ఒకటే. అంటే ఏ పని గురించి ఎండీ గారు మెచ్చుకున్నారో, దాని రెండో కొసే అకౌంట్స్ మేడమ్‌ని రాత్రి పది దాకా ఆఫీసులో కూర్చోబెట్టింది. సెప్టెంబర్ నెల అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్ను, జీఎస్టీఆర్-1కి గడువు అక్టోబర్ 11, ఆవిడ పదో తారీఖు రాత్రి చేత్తో దిద్దుకున్నారు.

సపోర్ట్ టికెట్లు వెతికితే ఈ విషయం మీద సెప్టెంబర్ 26నే ఒకటి వచ్చింది. రెండు రోజుల్లో "యూజర్‌కి వివరించాం" అని మూసేశారు. వివరించింది ఏమిటంటే, రేటు మీరే చేత్తో మార్చుకోవచ్చని. మా నెలవారీ రిపోర్టులో అది పరిష్కరించిన టికెట్టుగా పచ్చగా కనిపిస్తోంది, గడువులోపే మూశామని మార్కులు కూడా పడ్డాయి. రివ్యూ కాల్ సారాంశం రాసేటప్పుడు టికెట్ల సంఖ్య ఒక్కటే చూసేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. కాల్‌లో ఎవరైనా ఏదైనా ఇబ్బంది చెబితే, అదే విషయం మీద పాత టికెట్టు ఉందా, ఉంటే ఏ మాటలతో మూశారు అని తీసి పక్కన పెట్టడం మాకు తప్పనిసరి పని. "వివరించాం", "వర్క్ అరౌండ్ ఇచ్చాం", "యూజర్ నుంచి జవాబు లేదు" అని మూసినవాటిని తెరిచి ఉన్నట్టే లెక్కేస్తాం.

రిస్కుని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో రాయడం మానేశాం. రంగు చూసి ఎవరూ ఏమీ చేయరు, పసుపు అయితే మరీను. దాని బదులు ప్రతి రిస్కుకీ మూడు మాటలు: సాక్ష్యం ఏమిటి, అది నిజమైతే ఎప్పటిలోగా దెబ్బ తగులుతుంది, ఎవరు ఏ తారీఖుకి ఏం చేస్తారు. రిటర్నుల విషయంలో దెబ్బ తగిలే తారీఖు నవంబర్ 11, తర్వాతి జీఎస్టీఆర్-1. దసరా, దీపావళి తర్వాత పాత స్టాకు వెనక్కొచ్చేది ఎక్కువ కాబట్టి అక్టోబర్లో దిద్దాల్సిన నోట్లు ఇంకా పెరుగుతాయి. ఆవిడ రెండోసారి కూడా అలా కూర్చోవాల్సివస్తే రెన్యూవల్ మీద సంతకం పెట్టేది ఎండీ గారే అయినా పక్కనుంచి చెవిలో వేసేది ఆవిడే.

ఒక ప్రశ్నకి రెండు అర్థాలు

41వ నిమిషం ప్రశ్న దగ్గర మా ఇద్దరికీ వాదన అయింది. డేటా మొత్తం బయటికి తీసుకోవచ్చా అని క్లయింటు అడిగితే ఈ పనిలో ఉన్న ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. వేరే సాఫ్ట్‌వేర్‌కి మారేవాళ్ళు మొట్టమొదట అడిగేది అదే. కొత్తమ్మాయి డ్రాఫ్టులో "ఫార్మాట్ పంపాలి" అని పనుల లిస్టులో పడేసింది, మళ్ళీ విన్నాక మాత్రం "వీళ్ళు వెళ్ళిపోతున్నారు మేడమ్" అని భయపడింది. రెండూ తొందరపాటే.

ప్రశ్న రెండో సగం వినండి: "ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కూడా వస్తుందా?" వేరే సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళేవాళ్ళకి మిగిలిన స్టాకు, బాకీలు, ఐటమ్ మాస్టర్ కావాలి, పాత మార్పుల చరిత్రతో వాళ్ళకేం పని లేదు. అది అడిగేది ఆడిటర్. 2023 ఏప్రిల్ 1 నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాల నుంచి కంపెనీలు లెక్కలకి వాడే సాఫ్ట్‌వేర్లో ప్రతి మార్పూ నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలుండకూడదు, ఆడిటర్ తన రిపోర్టులో దాని గురించి రాయాలి. ఈ క్లయింటు ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి ఆ రూలు వర్తిస్తుంది. వ్యక్తిగత వ్యాపారమో పార్ట్‌నర్‌షిప్ ఫర్మో అయితే ఈ అర్థం నిలబడదు, అప్పుడు నేనూ భయపడేదాన్ని.

అయినా ఇది నా ఊహే కదా. అందుకని సారాంశంలో రెండు అర్థాలూ రాశాం, ఏది నిజమో తేల్చే ప్రశ్న కూడా రాశాం: "ఎడిట్ లాగ్ ఏ సంవత్సరానికి కావాలి, ఎవరి ఫార్మాట్లో?" ఆడిటర్ కోసమైతే ఫలానా ఆర్థిక సంవత్సరం అంటారు. మారే ఉద్దేశమైతే "మొత్తం, ఎప్పట్నుంచి ఉంటే అప్పట్నుంచి" అంటారు. మీరు వెళ్ళిపోతున్నారా అని ఎవరూ అడగలేరు, అడిగినా నిజం చెప్పరు, కానీ ఈ ప్రశ్నకి మామూలుగా జవాబు చెప్పేస్తారు.

34వ నిమిషం మాట మీద అంత వాదన అవసరం పడలేదు. ఐటీ ఇన్‌చార్జి రెండేళ్ళ కింద వాళ్ళ ఆఫీసులో మా సాఫ్ట్‌వేర్ తెప్పించిన మనిషి, పాత రివ్యూల్లో అందరికన్నా ఎక్కువ మాట్లాడేవారు, కొత్త ఫీచర్ల లిస్టు పట్టుకుని కూర్చునేవారు. ఈసారి యాభై నిమిషాల్లో ఆయన గొంతు వినపడింది రెండు సార్లు. "ఇకనుంచి అతనే చూస్తాడు" అనేది ట్రైనింగ్ పనిగా రాసుకుంటే మన పక్షాన మాట్లాడే మనిషి జారిపోతున్నాడన్న సంగతి కాగితం మీదికే రాదు. అయితే ఇందులో జాగ్రత్త ఒకటుంది: ఆయన ఉద్యోగం మారుతున్నాడేమో అని మేం లోపల ఎంత అనుకున్నా అది రాయలేదు. "బాధ్యత కొత్త వ్యక్తికి మారుతోంది, కారణం తెలియదు" అని మాత్రమే రాశాం. ఈ నోట్లు లోపలివే అయినా ఎవరో ఒకరు తెలియక క్లయింటుకి ఫార్వర్డ్ చేసేస్తారు, ఒక మనిషి ఉద్యోగం గురించి మన ఊహ వాళ్ళ ఎండీ గారు చదివితే ఇక ఆ అకౌంటు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

రెన్యూవల్ అంశాలు: రేటు ఎక్కడ పెట్టాం

రేటు గురించి కూర్చుందాం అన్న మాటని సేల్స్ వాళ్ళు వెంటనే డిస్కౌంటుగా వింటారు. ఎండీ గారు అన్నది "రేటు" అనే కానీ ఎక్కువైందనీ చెప్పలేదు, తగ్గించమనీ అడగలేదు. అందుకని ముందు ఆయన ఏ లెక్క చూసి ఆ మాట అని ఉంటారో వెతికాం. 40 లైసెన్సుల్లో గడిచిన 90 రోజుల్లో ఒక్కసారన్నా లాగిన్ అయినవి 31. తొమ్మిది ఖాళీ. ఇది చూసి "వాడకం పడిపోయింది" అని రాయడం తేలిక, కానీ పేర్లు తీస్తే వేరే కథ. ఆరు లైసెన్సులు రాజమండ్రిలో కొత్త బ్రాంచి పెడతామని పోయినేడు తీసుకున్నవి, ఆ బ్రాంచి ఇంకా తెరవలేదు. మూడు ఉద్యోగం మానేసినవాళ్ళవి, వాళ్ళ బదులు ఇంకా ఎవరినీ పెట్టుకోలేదు. సాఫ్ట్‌వేర్ నచ్చక మానేసినవాళ్ళు ఒక్కరూ లేరు.

మా సేల్స్ ఆయన చెప్పినట్టు నోరు మూసుకుని ఆటో రెన్యూవల్ కానిస్తే ఏడాదికి 4,62,240 రూపాయలు. అందులో తొమ్మిది ఖాళీ సీట్ల డబ్బు లక్ష పైనే. అకౌంట్స్ మేడమ్ జనవరిలో ఆ ఇన్‌వాయిస్ చూసి లెక్క కట్టకుండా ఉంటారా? రిటర్నుల గొడవ ఇంకా తేలకపోతే రెండూ కలిపి ఎండీ గారి టేబుల్ మీదికి వెళ్తాయి. మనమే ముందు చెప్పి 34కి తగ్గిస్తే, అంటే వాడే 31కీ, మానేసినవాళ్ళ బదులు వచ్చే ముగ్గురికీ, కాంట్రాక్టులో ఉన్న 7 శాతం పెంపు అలాగే ఉంచినా 3,92,904 అవుతుంది. ఇప్పుడు వస్తున్న 4,32,000 కన్నా 39 వేలు తక్కువ. రాజమండ్రి బ్రాంచి తెరిస్తే ఆ ఆరూ తిరిగి వస్తాయి. సీటు రేటు మీద డిస్కౌంటు ఇచ్చామంటే అది వచ్చే ఏడు కూడా వెనక్కి రాదు, సీట్లు తగ్గించింది వ్యాపారం పెరిగితే వస్తుంది. మా హెడ్‌కి ఈ ఒక్క లెక్క చాలింది. సేల్స్ ఆయనకి టార్గెట్ బాధ ఉంటుంది, ఆయన్ని ఒప్పించడానికి ఇంకొంచెం టైం పట్టింది.

వరుస కూడా ఆలోచించే పెట్టాం. రేటు మాట మొదట ఎత్తితే రిటర్నుల సమస్య బేరానికి పనికొచ్చే ఆయుధం అయిపోతుంది. ముందు అది సరిచేసి, సరైందని అకౌంట్స్ మేడమ్ నోటే విన్నాక సీట్ల విషయం.

చివరికి మేం లోపల తిప్పిన నోట్ ఇలా ఉంది, ఒక పేజీ దాటలేదు:

> సంతృప్తి
> ఎండీ (6వ ని.): సెప్టెంబర్ 22న బిల్లింగు ఆగలేదన్నారు, అడగకుండానే. లాగ్ సరిపోయింది.
> గోడౌన్ ఇన్‌చార్జి (11వ ని.): పేపరు ఎక్స్‌పైరీ రిజిస్టరు మానేశారు. మెయిన్, గుంటూరులో నిజం. ఏలూరులో రిపోర్టు ఒక్కసారీ తీయలేదు.
>
> రిస్కులు
> 1. పాత బిల్లుల రిటర్నుల మీద క్రెడిట్ నోట్‌లో 12 బదులు 5 శాతం పడుతోంది. అకౌంట్స్ (27వ ని.) చేత్తో దిద్దుకున్నారు. సెప్టెంబర్ 26 టికెట్ మూసినా సమస్య ఉంది. తర్వాతి దెబ్బ నవంబర్ 11. సపోర్ట్ లీడ్: అక్టోబర్ 27 లోపు సరిచేయాలి, ఆ తర్వాత అకౌంట్స్‌తో కూర్చుని మూడు పాత బిల్లుల మీద పరీక్షించాలి.
> 2. డేటా, ఎడిట్ లాగ్ ఎక్స్‌పోర్ట్ అడిగారు (అకౌంట్స్, 41వ ని.). ఆడిట్ కోసం కావచ్చు, మారే ఆలోచన కావచ్చు. నిర్ధారణ కాలేదు. నేను: ఏ సంవత్సరానికి, ఎవరి ఫార్మాట్లో అని అక్టోబర్ 16 లోపు అడుగుతాను.
> 3. ఐటీ బాధ్యత కొత్త వ్యక్తికి మారుతోంది, కారణం తెలియదు. నేను: ఇద్దరినీ కలిపి ఒక సెషన్ పెడతాను.
>
> రెన్యూవల్
> నవంబర్ 1 నోటీసు గడువు. ఆ లోపు మనమే ఫోన్ చేయాలి, ఆటో రెన్యూవల్ మీద వదలొద్దు.
> ముందు రిస్కు 1 ముగియాలి, తర్వాతే సీట్లు. ప్రతిపాదన: 40 నుంచి 34, సీటు రేటు కాంట్రాక్టు ప్రకారం.
> ఎండీ "రేటు గురించి కూర్చుందాం" (16వ ని.). తగ్గించమని అడగలేదు. ఆయన మనసులో ఉన్న అంకె మనకి తెలియదు, మనం ముందు అంకె చెప్పొద్దు.
> ఈ మాటకి ఎండీ, అకౌంట్స్ మేడమ్ ఇద్దరూ లైన్లో ఉండాలి.

క్లయింటుకి వెళ్ళిన మెయిల్ వేరు. అందులో మేం చేస్తామన్న పనులు, తారీఖులు, వాళ్ళు పంపాల్సినవి, అంతే. రిటర్నుల సమస్యని మాత్రం మొదటి పేరాలోనే, ఎండీ గారు కూడా చదివేలా, అది మా స్క్రీనులో ఉన్న లోపమని సూటిగా రాశాం. ఆయన లైన్లో లేనప్పుడు వచ్చిన విషయం ఆయనకి మా ద్వారా తెలియడమే మంచిది, డిసెంబర్లో ఇంకెవరి ద్వారానో తెలిసేకంటే. మెయిల్ పంపేముందు అకౌంట్స్ మేడమ్‌కి ఫోన్ చేసి ఇలా రాస్తున్నానండి అని చెప్పాను. "రాయండి, నేను చెప్తే విసుక్కుంటున్నానంటారు" అన్నారావిడ. ఎండీ గారి ముందు ఆ మాట ఎందుకు ఎత్తలేదో అప్పుడు తెలిసింది.

అదే ఫోన్లో ఎడిట్ లాగ్ ప్రశ్న అడిగాను. "2024-25ది, ఆడిటర్ గారు అడుగుతున్నారు" అన్నారు. హమ్మయ్య అనుకునేలోపే, "మా ఎండీ గారబ్బాయి వేరేది ఏదో డెమో చూశారు కూడా, నాకు వివరాలు తెలీదు" అన్నారు. అంటే రెండు అర్థాల్లో ఒకటి ఆ ప్రశ్నకి జవాబైంది, రెండోది వేరే దారిలో నిజమే అయింది. ఎండీ గారబ్బాయి మా జాబితాలోనే లేని మనిషి. నోట్‌లో రిస్కు 2ని కొట్టేసి, "వేరే సాఫ్ట్‌వేర్ డెమో జరిగింది (అకౌంట్స్ ఫోన్లో చెప్పారు), ఎవరిది, ఎంత దూరం వచ్చిందో తెలియదు" అని కొత్త వరుస రాశాం. "రేటు గురించి కూర్చుందాం" అన్న మాట వెనక ఏముందో కూడా కొంత అర్థమైంది: ఆయన చేతిలో పోల్చి చూసుకోవడానికి ఇంకో కొటేషన్ ఉండి ఉంటుంది.

క్రెడిట్ నోట్ సవరణ అక్టోబర్ 25న వెళ్ళింది, మూడు పాత బిల్లుల మీద అకౌంట్స్ మేడమ్ ఎదురుగానే పరీక్షించాం, మూడింటిలోనూ 12 పడింది. 29న రెన్యూవల్ కాల్ పెట్టి అబ్బాయి గారిని కూడా పిలవమని మేమే అడిగాం. ఆయన వచ్చారు, డెమో గురించి ఆయనే చెప్పారు, అవతలి వాళ్ళు సీటుకి తక్కువే చెప్పారట కానీ పాత డేటా మార్చడానికి వేరే డబ్బులట. నలభై నుంచి ముప్పై నాలుగు మీరే తగ్గించుకోండి అని మేం చెప్పేసరికి ఎండీ గారు నవ్వి, "అది నేనడగాల్సింది కదమ్మా" అన్నారు. ఆ తర్వాత కూడా బేరం ఆగలేదు, 7 శాతం పెంపు నాలుగుకి దిగింది, దానికి బదులు రాజమండ్రి సీట్లు ఎప్పుడు తీసుకున్నా ఇదే రేటు అని రాసుకున్నాం. ఏడాదికే సంతకం పెట్టారు, రెండేళ్ళ మాట ఒప్పుకోలేదు.

ఏలూరు బ్రాంచిలో ఎక్స్‌పైరీ రిపోర్టు అప్పటికీ ఎవరూ తీయడం లేదు. జనవరి రివ్యూకి ఆ గోడౌన్ ఇన్‌చార్జిని, ఐటీలో కొత్తగా వచ్చినబ్బాయిని కూడా పిలవమని కొత్తమ్మాయి మెయిల్ పెట్టింది.